ఫలం దక్కని కర్మకు అర్థమేమిటి? ఉచ్ఛేదవాదం, ఆశ్వాసం, అసంబద్ధవాదం: ఒక విచారణ

సర్వం కోల్పోయినవాని వాకిట నిలిచి "అంతా పూర్వజన్మ కర్మ, ఏం చేస్తాం" అని చెప్పి చేతులు దులుపుకొని వెళ్లిపోవడం ఆస్తికత కాదు. అది శాస్త్రం పేరిట జరిగే నిర్దయ. ఈ మాట కఠినంగా తోచవచ్చు. కాని నేడు ప్రవచన వేదికల మీద, ఆలయ మండపాలలో, పరామర్శల వేళ కర్మసిద్ధాంతం వినియోగమవుతున్న తీరు చూస్తే ఇంతకంటె మృదువుగా చెప్పడం శాస్త్రానికి అపచారమవుతుంది. దేవుని పేరెత్తని ఒక ఫ్రెంచి రచయిత ఈ దోషాన్ని పట్టుకొన్నాడు. అతడు చేసిన విమర్శలో ఎంత సత్యమున్నదో అంగీకరించి, అతడు ఎక్కడ ఆగిపోయాడో చూపడం ఆస్తికుల ధర్మం. అతనిని నాస్తికుడని త్రోసివేసినంత మాత్రాన అతని ప్రశ్న తొలగిపోదు.

వేదాంతంలో ఒక ప్రశ్నను తేల్చే విచారణకు అధికరణమని పేరు. ముందు విషయం, ఆపై సంశయం, పిదప పూర్వపక్షాలు, చివరకు సిద్ధాంతం. ఆ వరుసలోనే ఈ చర్చను నడపడం ఉచితం.

విషయం

నల్లగొండ, సూర్యాపేట జిల్లాలలో మిర్యాలగూడ నుండి కోదాడ దాకా విస్తరించిన వరిభూములకు జీవనాధారం నాగార్జునసాగర్ ఎడమ కాలువ. ఆ నీటి మీదనే నారుమళ్లు, నాట్లు, మిర్యాలగూడ రైస్ మిల్లులు సమస్తం నడుస్తాయి. జలాశయంలో నీరు చాలక 2023-24 యాసంగికి ఈ ఆయకట్టుకు సాగునీరు అందలేదు. కాలువ ఎండింది, చేలు బీళ్లుగా మిగిలాయి. తరువాతి వానాకాలంలో జలాశయం నిండింది. రైతు మళ్లీ దున్నాడు, నారు పోశాడు, అప్పు తెచ్చి నాటు వేశాడు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుండపోత వానకు నడిగూడెం మండలంలోని కాగితరామచంద్రాపురం వద్ద అదే ఎడమ కాలువకు గండి పడింది. ఏ నీటికోసం నిరుడు ఆకాశం వంక చూశారో ఆ నీరే పొలాల మీద విరుచుకుపడి నాట్లను పెకలించింది, ఇసుక మేటలు వేసింది. కోదాడ పట్టణంలో వరద ప్రాణాలను సైతం బలిగొన్నది.

ఒకే రైతు, ఒకే కాలువ, ఏడాది తిరగకముందే రెండు విపత్తులు. మొదటిది నీరు లేక, రెండవది నీరు వచ్చి. ఈ రెండింటినీ కలిపి ఒక న్యాయసూత్రంలో ఇమిడ్చి చెప్పగలిగినవారు ఎవరైనా ఉన్నారా? రైతు తప్పు చేస్తే శిక్ష, ఒప్పు చేస్తే బహుమానం అనే లెక్క ఇక్కడ కుదరదు. అతడు రెండు ఏళ్లలోనూ అదే మనిషి.

సంశయం

కనుక సంశయమిది. కర్మకు, ఫలానికి మధ్య సంబంధం కంటికి కనబడనప్పుడు ఆ కర్మకు అర్థమున్నదా, లేదా? ఉన్నదంటే ఎక్కడున్నది? లేదంటే మరల నాగలి పట్టడం దేనికి? ఈ ప్రశ్నకు లోకంలో మూడు సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. ఏ అర్థమూ లేదు కనుక ఏదీ చేయదగినది కాదనడం మొదటిది. అర్థం ఎక్కడో పైన భద్రంగా ఉన్నది, అడగక నమ్మమనడం రెండవది. అర్థం లేదు, అయినా వెనుదీయక చేయమనడం మూడవది.

ప్రథమ పూర్వపక్షం: ఉచ్ఛేదవాదం

పడమటివారు నిహిలిజం అని పిలిచేదానిని తెలుగులో చాలామంది శూన్యవాదమని వ్రాస్తారు. అది పొరపాటు పేరు. సాగర్ జలాశయం ముంచిన లోయలోనే ఇక్ష్వాకుల విజయపురి ఉండేది. ఆ కొండ ఏ ఆచార్యుని పేర వెలసిందో ఆ నాగార్జునుడు శూన్యతను బోధించాడు గాని సర్వనాశనాన్ని బోధించలేదు. ఉన్నదనే పట్టును, లేదనే పట్టును రెండింటినీ అతడు నిరాకరించాడు. శూన్యతను తప్పుగా గ్రహించడం పామును తప్పుగా పట్టుకోవడం వంటిదని అతడే హెచ్చరించాడు. అతని మతంతో వేదాంతులకు వివాదమున్నది, ఉంటుంది. అయినా ప్రతివాది అనని మాటను అతనికి అంటగట్టడం వాదధర్మం కాదు. ఏదీ లేదు, ఏదీ వద్దు అనే పక్షానికి ఉచ్ఛేదవాదమన్న పాతపేరే తగినది.

ఉచ్ఛేదవాదానికి తెలుగు సాహిత్యంలో చక్కని నిదర్శనమున్నది. త్రిపురనేని గోపీచంద్ 1940ల దశకంలో వెలువరించిన "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావు తెలివిగలవాడు, ప్రశ్నించగలవాడు. వంశప్రతిష్ఠ కోసం ఆస్తిని హారతి కర్పూరం చేస్తాడు. ఆపై ప్రతిదాని వెనుకా ఏమీ లేదని కనుగొంటూ పోతాడు. స్నేహం వెనుక స్వార్థం, దానం వెనుక కీర్తికాంక్ష, ప్రేమ వెనుక అలవాటు అతనికి కనబడతాయి. చివరకు తన్ను తానే నాశనం చేసుకొంటాడు. ఎందుకని అడగడం నేర్పిన తండ్రికి గోపీచంద్ ఈ గ్రంథాన్ని అంకితమిచ్చాడు. ప్రశ్నను అంతగా గౌరవించిన రచయితయే ప్రశ్న ఒక్కటే మిగిలిన మనిషి ఏమవుతాడో చూపడం గమనించదగినది.

ఈ పక్షంలోని దోషం ఎక్కడున్నది? ఉచ్ఛేదవాది తనను అందరికంటె నిర్భయుడనుకొంటాడు. నిజానికి అతడు నిరాశచెందిన వర్తకుడు. పంట చేతికొస్తేనే దున్నడానికి అర్థం, ప్రేమ శాశ్వతమైతేనే ప్రేమకు విలువ అని అతడు ముందే బేరం కుదుర్చుకొన్నాడు. ఆ బేరం చెల్లకపోయేసరికి వస్తువే లేదంటున్నాడు. ఫలం లేదు కనుక కర్మ వ్యర్థమన్న వాక్యంలో, ఫలమే కర్మకు విలువ అన్న మాట దాగియున్నది. ఆ మాటను అతడు ఎన్నడూ పరీక్షించలేదు. అన్నింటినీ ప్రశ్నించానన్నవాడు ప్రశ్నించక విడిచినది అదొక్కటే.

ద్వితీయ పూర్వపక్షం: ఆశ్వాసం

రెండవ పక్షం ఆస్తికుల ముఖంతో వస్తుంది కనుక దానిని ఎక్కువ జాగ్రత్తగా పరీక్షించాలి. ఇసుక మేట వేసిన పొలం గట్టున నిలిచిన రైతుతో ఆశ్వాసకుడు మూడు మాటలు చెబుతాడు. ఇది నీ ప్రారబ్ధమంటాడు. దేవుడు ఏది చేసినా నీ మంచికే అంటాడు. ఫలానా వ్రతం చేస్తే వచ్చే ఏడు అంతా సర్దుకొంటుందంటాడు. ఈ మూడు మాటలు పరస్పరం పొసగవు. ప్రారబ్ధమైతే అనుభవించి తీరవలసినది, వ్రతంతో తొలగేది ఎట్లు? మంచికే అయితే తొలగించుకోవలసిన అవసరమేమి? వినేవాడు దుఃఖంలో ఉండి అడగడు కనుక ఈ అసంగతి బయటపడదు.

ఇందులో రెండు అనర్థాలున్నాయి. మొదటిది, కారణవిచారణ ఆగిపోతుంది. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయంలో ఏ కర్మ సిద్ధించడానికైనా అయిదు కారణాలు చెప్పబడ్డాయి. అవి అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, అయిదవది దైవం. దైవం అయిదింటిలో ఒకటి మాత్రమే, అదీ చివర లెక్కించబడింది. కాలువకు గండి పడితే కట్ట ఎత్తెంత, గట్టి ఎంత, ఎగువనుండి ఎంత నీరు వచ్చింది, తూములు సకాలంలో తెరుచుకొన్నవా అని మొదటి నాలుగు కారణాలను విచారించవలసి ఉంటుంది. అయిదవదానిని ముందుకు తెచ్చి తక్కిన నాలుగింటిని కప్పివేయడం గీతకు విరుద్ధం. దైవం పేరు చెప్పి మనుష్యప్రయత్నాన్ని, మనుష్యదోషాన్ని రెండింటినీ దాచడమే అది.

రెండవ అనర్థం ఇంకా లోతైనది. కర్మసిద్ధాంతం ఎందుకోసం చెప్పబడిందో ఆ సందర్భాన్ని ఈ ఆశ్వాసం మరచింది. బ్రహ్మసూత్రాలలో రెండవ అధ్యాయం ప్రథమపాదంలో, లోకంలోని విషమత్వాన్ని చూసి ఈశ్వరునికి పక్షపాతం, క్రౌర్యం అంటగట్టవచ్చునా అని ప్రశ్న వస్తుంది. అక్కడ శంకరభగవత్పాదులు వర్షాన్ని దృష్టాంతంగా తీసుకొంటారు. వాన అన్ని విత్తనాలకు సమానంగా కురుస్తుంది, వరి వరిగా, యవ యవగా మొలవడానికి కారణం ఆయా బీజాలలో ఉన్నది. అట్లే ఈశ్వరుడు సాధారణకారణం, భేదానికి జీవుల కర్మ కారణం. ఈ వాక్యం ఈశ్వరుని నిర్దోషిత్వాన్ని నిరూపించడానికి పుట్టింది. పక్కింటివానిని దోషిగా నిలబెట్టడానికి కాదు. ఎవరి ఏ కర్మ ఎప్పుడు ఏ రూపంలో పండుతుందో తెలియదని, కర్మగతి గహనమని గీతయే చెబుతున్నది. గహనమైనదానిని పరామర్శకు వచ్చినవాడు ఒక్క క్షణంలో చదివేయడం సర్వజ్ఞత్వాన్ని దొంగిలించడమే.

ఇంతకుముందటి సూత్రంలోనే మరొక విషయమున్నది, ఆశ్వాసకులు దానిని సాధారణంగా ప్రస్తావించరు. ఈశ్వరుడు జగత్తును ఏ ప్రయోజనం కోసం సృజించాడని అడిగితే, ప్రయోజనం కోసం కాదు, కేవలం లీల అని సూత్రకారుని సమాధానం. అంటే ప్రతి సంఘటన వెనుక ఒక రహస్యపథకమున్నదని, ఈ ఇసుక మేట కూడ ఎవరి మేలుకో ముందుగా లెక్కవేసి వేయబడినదని వేదాంతం ఎక్కడా హామీ ఇవ్వలేదు. ఆ హామీని శాస్త్రం పేరిట అమ్మేవారు లేని సరుకును అమ్ముతున్నారు.

తృతీయ పూర్వపక్షం: అసంబద్ధవాదం

ఇక్కడ ప్రవేశిస్తాడు ఆల్బర్ట్ కామూ. అల్జీరియాలో 1913లో జన్మించి, 1957లో నోబెల్ బహుమతి పొంది, 1960లో కారు ప్రమాదంలో మరణించిన రచయిత ఇతడు. 1942లో వెలువడిన "సిసిఫస్ పురాణం" అనే గ్రంథంలో తన పక్షాన్ని స్థాపించాడు. దానికి అబ్సర్డిజమని, తెలుగులో అసంబద్ధవాదమని పేరు. చాలామంది ఆస్తికులు ఇతనిని ఉచ్ఛేదవాదిగా భావించి చదవకనే ఖండిస్తారు. అతడు ఆ గ్రంథం వ్రాసినదే ఉచ్ఛేదవాదాన్ని ఖండించడానికి.

అతని వాదం సూక్ష్మమైనది. లోకం అసంబద్ధమని అతడు అనడు, మనిషి అసంబద్ధుడనీ అనడు. మనిషి అర్థం కావాలని అడుగుతున్నాడు, లోకం మౌనంగా ఉన్నది. ఈ రెండింటి ముఖాముఖిలో పుట్టే సంబంధమే అసంబద్ధత. ఒకటి తీసివేస్తే రెండవదానిలో అది లేదు. కనుక ఆత్మహత్య అడిగేవానిని తీసివేస్తుంది, సమస్యను తీర్చదు. అట్లే, లోకం మౌనాన్ని ఓర్వలేక నిరూపించని ఒక అర్థంలోకి దూకడం కూడ సమస్యలో ఒక పక్షాన్ని తుడిచివేయడమే. ఆ దూకుడును అతడు బుద్ధి చేసుకొనే ఆత్మహత్యగా పరిగణించాడు. మిగిలిన మార్గం ఒక్కటే. రెండింటినీ కంటి ఎదుట ఉంచుకొని, ఏ పక్షాన్నీ చెరపక, లొంగక జీవించడం. అందుకే అతనికి సిసిఫస్ ఆదర్శం. గ్రీకు పురాణంలో దేవతల శాపం వల్ల అతడు బండను కొండపైకి దొర్లిస్తూనే ఉంటాడు, బండ జారిపోతూనే ఉంటుంది. దిగివచ్చి మళ్లీ బండను తాకే ఆ ఘడియలో సిసిఫస్ తన గతిని ఎరిగినవాడు, దానిని తిరస్కరించి దానికంటె పెద్దవాడు అని కామూ తీర్మానం.

1947లో వెలువడిన "ప్లేగు" నవలలో ఈ పక్షం ఆశ్వాసంతో నేరుగా తలపడుతుంది. ఒరాన్ నగరంలో మహమ్మారి ప్రబలినప్పుడు పానెలూ అనే మతగురువు వేదికనెక్కి, ఇది మీ పాపాలకు దండనమని ప్రసంగిస్తాడు. తరువాత ఒక పసివాడు యాతనపడి మరణించడం ఆ గురువే దగ్గరుండి చూస్తాడు. రియూ అనే వైద్యుడు అతనిని నిలదీస్తాడు. ఆపై గురువు చేసిన రెండవ ప్రసంగంలో ఒక చిన్నమార్పు కనబడుతుంది. మొదట "మీరు" అన్నవాడు ఇప్పుడు "మనం" అంటాడు. ఆ ఒక్క సర్వనామం మారడానికి ఒక పసిప్రాణం పోవలసివచ్చింది. ఆలయాలలో, సభలలో బోధించే ప్రతి ఒక్కరూ ఈ ఘట్టాన్ని చదవాలి. దుఃఖితుని ఎదుట "నీ కర్మ" అనేవాడు పానెలూ మొదటి ప్రసంగాన్నే నేటికీ వల్లిస్తున్నాడు.

ఇంతవరకు అసంబద్ధవాదం చెప్పినది గ్రాహ్యం. ఫలంతో బేరం పెట్టుకొన్న ఉచ్ఛేదవాదిని, ఫలాన్ని పరలోకానికి వాయిదా వేసిన ఆశ్వాసకుని ఇద్దరినీ అది ఒకే వేటుతో కొట్టింది. ఇద్దరూ ఫలం కోసమే నిలిచారు. ఒకడు అది రాదని కూలిపోయాడు, మరొకడు అది వచ్చితీరుతుందని నమ్మి నిలిచాడు.

ద్రౌపది ప్రశ్న

అయితే ఈ కలహం ఆస్తికులకు పడమటినుండి వచ్చిన కొత్త వార్త కాదు. మహాభారతం వనపర్వంలో, ద్వైతవనంలో, సాక్షాత్తు ధర్మరాజు ఎదుట ద్రౌపది ఈ ప్రశ్నను లేవదీసింది. ధర్మాన్ని రక్షించినవానిని ధర్మం రక్షిస్తుందని పెద్దలు చెబుతారే, నిన్నెందుకు రక్షించలేదని అడిగింది. కొయ్యబొమ్మను ఆడించేవానివలె, ఆటవస్తువులతో ఆడే పసివానివలె విధాత ప్రాణులతో ఆడుతున్నాడన్నది. ఆపై ఆమె విసిరిన తర్కం కామూ తర్కంకంటె పదునైనది. చేసిన కర్మ చేసినవానినే అంటుతుందంటే, అన్నీ చేయించే ఈశ్వరునికే ఆ పాపం అంటాలి. అంటదంటారా, అప్పుడు బలమే న్యాయమన్నమాట, బలహీనుల కోసం దుఃఖించవలసినదే.

ఈ వాక్యాలను వ్యాసమహర్షి తొలగించలేదు. ఆమె నాలుక తెగిపడినట్లు కథ అల్లలేదు. ధర్మరాజు ఆమె మాటలో నాస్తికత్వమున్నదన్నాడు, నిజమే. కాని అతని సమాధానంలో మొదటి భాగం ఆశ్వాసం కాదు. తాను ఫలాన్ని వెదకుతూ ధర్మం ఆచరించడం లేదని, ఇవ్వవలసినది కనుక ఇస్తున్నానని, చేయవలసినది కనుక యజ్ఞం చేస్తున్నానని అతడు చెప్పాడు. ధర్మాన్ని పాలు పిండుకొనే ఆవుగా చూసేవాడు ధర్మవణిజుడు, హీనుడన్నాడు. ధర్మానికి ఫలమున్నదని, అది దేవతలకే తెలిసిన రహస్యమని తరువాత చెప్పిన మాట వాస్తవమే. అయితే వరుస గమనించాలి. ఫలమున్నదని నమ్మి ధర్మంలో నిలవలేదు. ధర్మంలో నిలిచిన తరువాత ఫలం మాట వచ్చింది. ఆశ్వాసకులు ఈ వరుసను తలక్రిందులు చేశారు.

ద్రౌపది ఊరకుండలేదు. తాను ధర్మాన్ని నిందించడం లేదని, ఆర్తితో విలపిస్తున్నానని తెలుసుకొమ్మన్నది. ఆపై కర్మను గూర్చి తాను ఉపదేశించింది. తండ్రి ఒడిలో కూర్చుండి, ఒక విద్వాంసుడైన బ్రాహ్మణుడు సోదరులకు బోధించగా విన్న బృహస్పతినీతి అది. ఫలానికి యాదృచ్ఛికం ఒక కారణం, దైవం ఒక కారణం, పురుషప్రయత్నం ఒక కారణమని విడమరచింది. అక్కడ ఆమె ఇచ్చిన దృష్టాంతమే ఈ చర్చకు ప్రాణం, అదీ రైతు దృష్టాంతం. కర్షకుడు నాగలితో నేలను చీల్చి విత్తనం చల్లుతాడు. ఆపై మౌనంగా కూర్చుంటాడు, ఇక కారణం పర్జన్యుడు. వర్షం అనుగ్రహించకపోతే కర్షకుని దోషమేమీ లేదు. మరొకడు ఏమి చేసి ఉండేవాడో అదంతా తాను చేశానని అతడు నిశ్చింతగా ఉండవచ్చు.

అతడు నిర్దోషి. ఈ మాటను పలికినది మహాభారతం. యాసంగికి నీరు రాక ఎండిన పొలం ముందు, వానాకాలంలో మేట వేసిన పొలం ముందు కోదాడ రైతుకు శాస్త్రం నుండి అందవలసిన మొదటి వాక్యమిది. "నీ కర్మ" అని కాదు, "నీ దోషం లేదు" అని. ఈ వాక్యం ఏ ఫలాన్నీ వాగ్దానం చేయడం లేదు. పోయిన పంటను తెచ్చి ఇవ్వడం లేదు. అయినా అతడు చేసిన పని పూర్ణంగా చేయబడిందని, వరద దానిని చెరపలేదని చెబుతున్నది. పంట కొట్టుకొనిపోయింది గాని దున్నడం దున్నడంగానే మిగిలింది.

సిద్ధాంతం

అట్లయితే ద్రౌపదికి, కామూకు భేదమేమిటి? ఇద్దరూ ఫలం మీద ఆశపెట్టవద్దన్నారు, ఇద్దరూ చేయమన్నారు. భేదం రెండు చోట్ల ఉన్నది.

మొదటిది, సిసిఫస్ బలం తిరస్కారం. దేవతలు శపించారు కనుక అతడు వారిని ధిక్కరించి నిలుస్తాడు. ధిక్కరించడానికి ఎదుట ఒకడు ఉండాలి. శత్రువు లేనినాడు ఆ బలం ఎక్కడినుండి వస్తుంది? పైగా సిసిఫస్ బండ ఎవరికీ ఉపయోగపడదు. రైతు నాటు అట్లా కాదు. అది పండితే ఎవరి కంచంలోనో అన్నమవుతుంది. దున్నేవాడు అహంకారంతో నిలబడడం లేదు. ఇది ఇవ్వవలసినదన్న ఎరుకతో నిలబడుతున్నాడు. కామూ కూడ ఈ లోపాన్ని ఎరుగక పోలేదు. "ప్లేగు"లో వైద్యుడు ఒంటరి వీరుడు కాదు, రోగుల మధ్య పనిచేసే మనిషి. 1951 నాటి "తిరుగుబాటుదారుడు"లో తిరుగుబాటు ఒకని నుండి అందరినీ కలుపుతుందని వాదించాడు. కాని ఎందుకు కలుపుతుంది? పరుని నొప్పి తన నొప్పి ఎట్లయింది? అక్కడ అతనికి అనుభవమున్నది, ఆధారం లేదు. సర్వభూతాలలో ఉన్న ఆత్మ ఒక్కటే అనే ఉపనిషత్సిద్ధాంతం ఆ ఆధారాన్ని ఇస్తున్నది.

రెండవది, అడిగేవానిని గూర్చిన విచారణ. అర్థం కావాలనే మనిషి ఒకవైపు, మౌనంగా ఉన్న లోకం మరొకవైపు అని కామూ నిలబెట్టాడు. లోకం మౌనంగానే ఉన్నదని వేదాంతం ఒప్పుకొంటుంది. దృశ్యం ఎన్నడూ ద్రష్టకు సమాధానం చెప్పదు. కాని అతడు అంతా పరీక్షించి, అడిగేవానిని మాత్రం పరీక్షించలేదు. ఎవడికి అర్థం కావాలి? పంట పోయినప్పుడు పోయినది ఎవడు, పోయిందని ఎరిగినది ఎవడు? ఆ వెదకులాట వేదాంతంలో ప్రవేశం. ఇది కూడ ఒక దూకుడే అని కామూ పక్షంవారు ఆక్షేపించవచ్చు. ఆక్షేపం న్యాయమైనదే. సమాధానమిది: దూకినవాడు కళ్లు మూసుకొంటాడు, విచారించేవాడు కళ్లు తెరచి ఉంచుతాడు. విచారం వల్ల గాయం మాయమైందని ఎవడైనా అంటే అతడు దూకినవాడే. గాయాన్ని గాయంగా చూస్తూ, చూసేవానిని కూడ చూడడం విచారం.

అయితే మాటలు ఒకటిగా ఉన్నప్పుడు ఏది శాస్త్రం, ఏది కేవల ఆశ్వాసం అని గుర్తించేదెట్లు? పరీక్ష కష్టమేమీ కాదు. ఆ మాట పలికిన తరువాత పలికినవాని చేయి ఎక్కడున్నదో చూడాలి. మేట తీయడానికి పార పట్టిందా, నమస్కారం పెట్టి వెళ్లిపోయిందా? ఆ మాట "నీవు" అన్నదా, "మనం" అన్నదా? కర్మసిద్ధాంతాన్ని తన మీద ప్రయోగించుకొంటే అది వైరాగ్యం. పరుని మీద ప్రయోగిస్తే అది తీర్పు. ఆ తీర్పు చెప్పే అధికారం శాస్త్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఈ నిర్ణయానికి సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. మిర్యాలగూడకు దగ్గరలో, కృష్ణా మూసీ నదులు కలిసే వాడపల్లి క్షేత్రంలో అగస్త్యేశ్వరస్వామి లింగం మీద ఒక గుంట ఉన్నది, అందులో ఎప్పుడూ నీరు నిలిచి ఉంటుంది. స్థలపురాణం ప్రకారం, బోయవాడు తరుముతుండగా ఒక పక్షి వచ్చి స్వామి వెనుక దాగింది. బోయవాడు అది తన ఆహారమన్నాడు. ఇద్దరి మాటా న్యాయమే. ఒకరిది ప్రాణం, ఒకరిది ఆకలి. స్వామి పక్షితో నీ ప్రారబ్ధమనలేదు. బోయవానితో నీ పూర్వపాపం వల్ల ఈ వృత్తి వచ్చిందనలేదు. ఇది ఇద్దరి మేలుకే అని ప్రవచనం చేయలేదు. తన శిరస్సునుండి మాంసం తీసుకొమ్మన్నాడు. బోయవాని చేతివేళ్లు పెట్టిన గాయమే ఆ గుంట, ఆ గాయాన్ని కడగడానికి వచ్చిన గంగయే ఆ నీరు అని అక్కడి భక్తుల విశ్వాసం.

ఆ ప్రశ్నకు ఈశ్వరుడు ఇచ్చిన సమాధానం వాక్యం కాదు, గాయం. ఆ లింగానికి అభిషేకం చేసినవాడు, చేయించుకొన్నవాడు, వెలుపలికి వచ్చి మేట వేసిన పొలం గట్టున నిలిచి "నీ కర్మ" అనడానికి నోరెట్లు వస్తుంది?

స్వస్తి.